మూడు వాక్యాల తీర్పులో ‘తే’ ఎక్కడ పోయింది?

గత జూన్‌లో ఒక మధ్యాహ్నం దామలచెరువు నుంచి మా మామయ్య ఫోను చేశాడు. ఆయనకు మామిడి తోట ఉంది. జూన్ వచ్చిందంటే తోతాపురి కోతలు, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరస, కాటా చీటీలు, ధరల బేరాలు. ఆ హడావుడిలో ఆయన చుట్టాలను తలచుకునే అలవాటు లేనివాడు. నన్ను తలచుకున్నాడంటే ఏదో తేడా జరిగిందనే అర్థం.

“ఏరా అల్లుడూ, నువ్వు కొనమన్న ఫోను పొద్దున బాగానే ఉంటుంది, పన్నెండయ్యేసరికి గుడ్డిదైపోతుంది. ఫ్యాక్టరీ వాడు మెసేజి పెట్టానంటాడు, నాకు నల్లటి పలక తప్ప ఏమీ కనిపించదు. ట్రాక్టరు కింద దూరి చదువుకోమంటావా?”

ఫోను పాడైందేమో, దుకాణానికి తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లాడు. దుకాణంలో ఏసీ కింద అది చక్కగా వెలిగింది. మనిషి అబద్ధం చెబుతున్నాడన్నట్టు కుర్రాడు ఓ చూపు చూశాడట. ఆ రాత్రి నేను సంక్రాంతికి ముందు చదివిన సమీక్షను వెతికి మళ్లీ చదివాను. తొమ్మిదో పేరాలో ఉంది: నేరుగా ఎండ పడుతుంటే పది పన్నెండు నిమిషాల్లో ఫోను వేడెక్కి స్క్రీను వెలుగు దాదాపు సగానికి పడిపోతుందని సమీక్షకుడు స్పష్టంగా రాశాడు. నేను చదివాను కూడా. చదివి, కుదించేటప్పుడు కొట్టేశాను.

ఈ వ్యాసం ఆ కొట్టివేత గురించి.

జనవరిలో మామయ్య అడిగింది ఇంతే: “నాకు అంత పురాణం వద్దు, మూడు ముక్కల్లో చెప్పు.” ఆయన కోరిక న్యాయమైనదే. ఇంగ్లీషులో ఉన్న ఆ సమీక్ష రెండు వేల మాటలకు పైనే ఉంది. నేను తిరుపతిలో ఒక పత్రిక డెస్కు మీద పన్నెండేళ్లు ఉపసంపాదకుడిగా కూర్చున్నవాణ్ణి, కుదించడం నా చేతికి వచ్చిన పని అనుకునేవాణ్ణి. పది నిమిషాల్లో రాసి పంపాను:

“బ్యాటరీ బ్రహ్మాండం, 120 హెర్ట్జ్ స్క్రీను కళ్లకు ఇంపుగా ఉంది, పగటి ఫోటోలు బాగున్నాయి.
రాత్రి ఫోటోలు, ఒకే స్పీకరు, అక్కరలేని యాప్‌లు నిరాశపరుస్తాయి.
పదిహేడు వేలకు కొనదగ్గ ఫోను.”

ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. సమీక్షకుడికి చూపించినా తల ఊపేవాడు. అయినా మామయ్య మోసపోయాడు. నిజాలతోనే మనిషిని తప్పుదారి పట్టించడం ఎలా సాధ్యమైందో ఆలోచించగా నాకు తట్టిన మొదటి కారణం నా వృత్తే.

పత్రికలో వార్తను కింద నుంచి కోస్తాం. ముఖ్యమైనది పైన ఉంటుంది, దిగేకొద్దీ వివరాలు పలచబడతాయి. చోటు చాలకపోతే చివరి పేరా తీసేస్తాం, ఇంకా చాలకపోతే దాని పైది. వార్త రాసే విలేకరి కూడా ఈ కోత ఉంటుందని తెలిసే రాస్తాడు. కానీ ఫోను సమీక్ష అలా రాయరు. అది ఫోను భాగాల వరసలో నడుస్తుంది: పెట్టెలో ఏమున్నాయి, ఆకారం, స్క్రీను, పనితీరు, సాఫ్ట్‌వేరు, కెమెరా, బ్యాటరీ, చివరకు ముగింపు. ముఖ్యమైన సంగతి ఎక్కడ దొరుకుతుందో ముందే చెప్పలేం. పైగా మంచి సమీక్షకుడు వాడి చూసి కనిపెట్టినవి నడుమ పేరాలలోనే, ఏదో ఒక వాక్యం తోకలో ఉంటాయి. పైనుండేది కంపెనీ చెప్పుకున్న గొప్పల జాబితా, కింద ఉండేది సగటు పాఠకుడి కోసం రాసిన ముగింపు. పైన, కింద ఉంచుకుని నడుమ కోసేస్తే మిగిలేది కంపెనీ మాట, సగటు మనిషి మాట. మామయ్య ఈ రెండింట్లో దేనికీ సంబంధించిన మనిషి కాడు.

రెండో కారణం భాషలోనే ఉంది, అసలు నన్ను ఎక్కువగా కుట్టింది అదే. కుదించేటప్పుడు మన చేతిలో విశేషణాలు బతుకుతాయి, షరతులు చస్తాయి. “స్క్రీను బాగుంది” మిగులుతుంది, “ఎండలో ఎక్కువసేపు ఉంటే మసకబారుతుంది” పోతుంది. “రాత్రి ఫోటోలు నిరాశపరుస్తాయి” మిగులుతుంది, “మనిషి కదిలితే చెదురుతాయి, కదలకపోతే పర్వాలేదు” పోతుంది. చోటు లేక షరతు తీసేశామని ఇంగ్లీషులో రాసేవాడు అంటే అనవచ్చు, అక్కడ షరతు పెట్టాలంటే నాలుగు మాటలు కావాలి. తెలుగులో దానికి ఒక్క అక్షరం చాలు. వేడెక్కితే, కదిలితే, చీకటి పడితే, చార్జింగులో పెడితే. ఆ ‘తే’ ఇంత చిన్నదై ఉండి కూడా కోతలో మొదట పోయేది అదే కావడం చోటు సమస్య కాదు, బద్ధకం సమస్య. షరతు ఉన్న వాక్యం తీర్పులా గంభీరంగా వినిపించదు, అందుకే మనకు దాని మీద చిన్నచూపు.

మామయ్య స్వయంగా ఇలాంటి తప్పు చేయడు. వ్యాపారి తోటకు వచ్చినప్పుడు ఆయన తన కాయ గురించి చెప్పే తీరు నేను చాలాసార్లు విన్నాను: “బరువుంది. తొక్క మీద మచ్చుంది. రెండు రోజుల్లో ఆడిస్తే గుజ్జుకు లోటు లేదు, ఆగితే మాత్రం నన్ను అడగొద్దు.” బలం, లోపం, షరతు. నా పన్నెండేళ్ల డెస్కు అనుభవం కంటే ఇది మంచి సంక్షేపం.

సరే, ఆ ఎండ సంగతి కొంచెం లోపలికి వెళ్లి చూద్దాం, ఎందుకంటే ఏ వాక్యాన్ని ఉంచాలో తెలియాలంటే ఆ వాక్యం వెనుక ఏం జరుగుతోందో తెలియాలి.

స్క్రీను వెలుగును నిట్లలో కొలుస్తారు. పెట్టె మీద కంపెనీ ముద్రించిన సంఖ్య 2000. సమీక్షకుడు కొలిచింది సుమారు 950. కంపెనీ అబద్ధమాడిందా అంటే, లేదు. ప్రకటనలో కనిపించేది సాధారణంగా గరిష్ఠ సంఖ్య, స్క్రీనులో చిన్న భాగం మాత్రమే వెలిగినప్పుడు కాసేపు అందేది. పేరున్న ఉదాహరణ ఒకటి చెబుతాను. 2023లో వచ్చిన పిక్సెల్ 8 ప్రోకు 2400 నిట్లని గూగుల్ ప్రకటించింది. చిన్న అక్షరాలలో ఇచ్చిన వివరం ప్రకారం ఆ 2400 స్క్రీనులో 5 శాతం చుక్కలు వెలిగినప్పటి లెక్క, మొత్తం వెలిగితే 1600. ఇక్కడా చూడండి, వెలిగి‘తే’. తెల్లటి పుటలో మెసేజి చదువుకునే మనిషికి కావలసింది రెండో సంఖ్య. సినిమాలో చీకటి దృశ్యం మధ్య దీపం మెరిసినప్పుడు పనికొచ్చేది మొదటిది. కాబట్టి మూడు వాక్యాల తీర్పులో “2000 నిట్లు” అని రాయడం అంటే సమీక్షను కుదించడం కాదు, పెట్టెను కుదించడం.

కానీ 950 కూడా మామయ్య కథ చెప్పదు. అంత వెలుగు ఉంటే ఎండలో చదవచ్చు. చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. ఎండ పెరిగేకొద్దీ ఫోను తనంతట తాను వెలుగు పెంచుతుంది. వెలుగు పెరిగితే స్క్రీను ఎక్కువ కరెంటు తింటుంది, ఎక్కువ వేడి పుట్టిస్తుంది. పైనుంచి సూర్యుడు అదే గాజు పలకను కాలుస్తున్నాడు. సిగ్నలు బలహీనంగా ఉంటే దాన్ని అందుకునే మోడెమ్ కూడా తన వంతు వేడి కలుపుతుంది. లోపలి ఉష్ణోగ్రత ఒక హద్దు దాటాక ఫోను తన బ్యాటరీని, స్క్రీనును కాపాడుకోవడానికి వెలుగు తగ్గించేస్తుంది. అంటే వెలుగు అత్యవసరమైన చోటే అది తగ్గుతుంది. ఇది లోపభూయిష్టమైన ఫోను లక్షణం కాదు, అన్ని ఫోన్లూ ఎంతో కొంత చేసే పనే. తేడా అంతా ఎన్ని నిమిషాలకు తగ్గుతుంది, ఎంతకు తగ్గుతుంది అన్నదాంట్లో ఉంది. ఆపిల్ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల వాతావరణంలో వాడమని చెబుతుంది. మే నెలలో తిరుపతి ఉష్ణోగ్రత 40 దాటడం మనకు వార్త కూడా కాదు. కపిలతీర్థం రోడ్డు మీద పట్టపగలు దారి చూపించే యాప్ పెట్టుకుని బండి నడిపే డెలివరీ కుర్రాళ్లను అడగండి, సిద్ధాంతం లేకుండానే ఈ పాఠం అప్పజెబుతారు.

ఇప్పుడు నా కోతలో జరిగిన ఇంకో పొరపాటు. ఆ సమీక్ష డిసెంబరులో వచ్చింది. రాసినాయన బెంగళూరులో ఉంటాడు. బెంగళూరు డిసెంబరు ఎండలోనే పన్నెండు నిమిషాలకు వెలుగు సగమైందంటే, బంగారుపాళెం మార్కెట్ యార్డులోనో దామలచెరువులోనో జూన్ మధ్యాహ్నం ఏమవుతుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కరలేదు. ఆ తెలివి నేను వాడలేదు. సమీక్షను ఎక్కడ, ఏ నెలలో, ఎన్ని రోజులు వాడి రాశారో చూడటం ఇప్పుడు నాకు మొదటి పని. వారం రోజులు వాడి రాసినవాడు రెండేళ్ల తరువాత బ్యాటరీ ఎలా ఉంటుందో చెప్పలేడు, చెప్పినా అది జోస్యం. నాలుగేళ్ల సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు అనేది కంపెనీ మాట, సమీక్షకుడు చూసినది కాదు. నేను కుదించేటప్పుడు ఈ రెండు రకాల వాక్యాలనూ వేరు చేసుకుంటాను: కొలిచినవి, చెప్పుకున్నవి. కొలిచినదానికే తీర్పులో చోటు. చెప్పుకున్నది తప్పనిసరిగా రావలసి వస్తే “కంపెనీ హామీ” అన్న రెండు మాటలు వెంట రావాలి.

కొలిచినది అయినా ఏ ఫోనులో కొలిచారన్న ప్రశ్న ఒకటి మిగులుతుంది. కంపెనీలు సమీక్షలకు తరచుగా ఎక్కువ మెమరీ ఉన్న ఖరీదైన రకాన్ని పంపుతాయి, మనం తక్కువ ధర రకాన్ని కొంటాం. పేరు ఒకటే అయినా లోపలి సరుకు మారవచ్చు. 2023 నాటి గెలాక్సీ ఎస్23లో 256 జీబీ రకానికి యూఎఫ్‌ఎస్ 4.0 స్టోరేజి ఉంటే, 128 జీబీ రకానికి పాతదైన, అంతకంటే నెమ్మదైన 3.1 పెట్టారు. సమీక్షలో వేగం గురించి మెచ్చుకున్న వాక్యం రెండో రకానికి పూర్తిగా వర్తించదన్నమాట. పదిహేడు వేల ఫోన్లలో ఇంత సూక్ష్మం అవసరమా అని అడగవచ్చు. స్క్రీనుకు, బ్యాటరీకి అవసరం లేదు. వేగం గురించి ఏదైనా రాస్తే మాత్రం అవసరం.

“ఇంత తంటా ఎందుకు, సమీక్ష చివర మంచివి, చెడ్డవి అని ఒక పెట్టె కట్టి ఇస్తారుగా, దాన్ని తెలుగులో రాసేస్తే సరిపోదా?” అని మా స్నేహితుడొకడు అన్నాడు. లీలామహల్ సర్కిల్ దగ్గర వాడికి ఫోన్ల దుకాణం ఉంది. వాడి సంగతి తరువాత చెబుతాను, ముందు ఆ పెట్టె సంగతి.

నేను కుదించిన సమీక్షలోనూ ఆ పెట్టె ఉంది. మంచివి నాలుగు, చెడ్డవి నాలుగు. ఈ సమాన సంఖ్య చూసినప్పుడే అనుమానం రావాలి. ప్రకృతిలో ఏ వస్తువుకూ మంచి చెడులు నాలుగేసి చొప్పున ఉండవు, పెట్టె అందం కోసం అలా సర్దుతారు. చెడ్డవాటిలో మొదటిది: 2 మెగాపిక్సెల్ మాక్రో కెమెరా దండగ. నిజమే, దండగే. కానీ దానివల్ల ఎవరికి నష్టం? పువ్వును దగ్గరగా ఫోటో తీయాలనుకున్నవాడు ఒకసారి తీసి, బాగాలేదని మానేస్తాడు. రెండోది అక్కరలేని యాప్‌లు. మూడోది ఒకే స్పీకరు. నాలుగోది రాత్రి ఫోటోలు. ఎండలో మసకబారడం ఆ పెట్టెలో లేనేలేదు! తొమ్మిదో పేరాలో కొలిచి మరీ రాసినవాడు పెట్టెలో పెట్టలేదు. ఆయన్ను తప్పుపట్టను. ఆయన పాఠకులు చాలామంది ఆఫీసులో, బస్సులో, మంచం మీద ఫోను చూసేవాళ్లు. వాళ్లకు ఎండ నిజంగానే పెద్ద విషయం కాదు.

పెట్టెలో ఉన్న నాలుగు చెడ్డవాటినీ ఒకే బరువుతో చదవడం నా తప్పు. ఇప్పుడు ప్రతి లోపాన్నీ రెండు ప్రశ్నలు అడుగుతాను. ఇది ఈ మనిషికి రోజుకు ఎన్నిసార్లు తగులుతుంది? కొన్నాక దీన్ని సరిచేసుకునే దారి ఉందా? అక్కరలేని యాప్‌లలో చాలావాటిని మొదటి రోజు అరగంట కూర్చుని తీసేయవచ్చు. స్పీకరు చాలకపోతే ఇయర్‌ఫోను పెట్టుకోవచ్చు. రాత్రి ఫోటోలు కొంతవరకు అప్‌డేటుతో మెరుగుపడినా పడవచ్చు. కెమెరాకు కుదుపును ఆపే ఏర్పాటు, అంటే ఓఐఎస్, లేకపోవడం మాత్రం ఏ అప్‌డేటుతోనూ తీరదు, అది లోపల ఉండవలసిన భాగం. వేడి కూడా దాదాపు అంతే. లోపల వేడిని పరిచే పలక ఎంత ఉందో అంతే ఉంటుంది, సెట్టింగులలో వెతికి ప్రయోజనం లేదు. తరచుగా తగిలేది, తరువాత సరిచేయలేనిది ఏదో అదే లోపం చెప్పే వాక్యంలోకి, నా కొత్త పద్ధతిలో మూడోదానిలోకి, రావాలి. మిగతావి ఎంత నిజమైనా బయటే ఉండాలి.

బలాలకూ ఇదే కొలత. “120 హెర్ట్జ్ స్క్రీను” అనే మాటను నేను మొదటి వాక్యంలో గర్వంగా పెట్టాను. పదిహేడు వేల ధరలో ఇప్పుడు అది లేని ఫోను వెతుక్కోవాలి. అందరికీ ఉన్నది ఒకరి బలం కాదు. ఫోను పేరు మీద వేలు పెట్టి మూసి, మిగిలిన మూడు వాక్యాలు చదివి చూడాలి. పక్క బల్ల మీది ఇంకో ఫోనుకూ అవే సరిపోతే, ఆ మూడూ చింపేయడమే మంచిది. నా మొదటి తీర్పును అలా మూసి చూస్తే మార్కెట్లో ఉన్న సగం ఫోన్లకు అతికింది.

“పర్వాలేదు” అనే మాటను కూడా నేను నిషేధించుకున్నాను. అది తెలుగువాడి నోట ఎంత మంచిదో రాతలో అంత ప్రమాదకరం. పెళ్లి భోజనం ఎలా ఉందంటే పర్వాలేదంటాం, జ్వరం ఎలా ఉందంటే పర్వాలేదంటాం. గొంతు వింటే తప్ప అది మెప్పో నిట్టూర్పో తెలియదు. “కెమెరా పర్వాలేదు” అని రాసినప్పుడు చదివేవాడు తనకు ఇష్టమైన గొంతుతో చదువుకుంటాడు, కొనాలని ఉన్నవాడికి ఆ గొంతు ఎప్పుడూ తీయగానే ఉంటుంది. పైన నేనే ఒకసారి ఆ మాట వాడాను, గమనించే ఉంటారు. అలవాటు అంత తేలిగ్గా పోదు.

మామయ్య ఫోను వచ్చిన రాత్రి అదే సమీక్షను మళ్లీ కుదించాను. ఈసారి మొదట పెన్సిలుతో సమీక్షలో ‘తే’ అనదగ్గ చోట్లన్నీ గీతలు గీశాను, ఇంగ్లీషులో అవి రకరకాల వేషాలలో ఉంటాయి. ఏడు దొరికాయి. ఎండలో ఉంటే వెలుగు తగ్గుతుంది. మనిషి కదిలితే రాత్రి ఫోటో చెదురుతుంది. రెండు సిమ్‌లు వేస్తే మెమరీ కార్డుకు చోటు ఉండదు. మొబైల్ డేటా మీద వాడితే స్క్రీను ఏడు గంటలు వెలుగుతుంది, వైఫై మీద అయితే ఇంకో గంటన్నర. ఆట ఇరవై నిమిషాలు దాటితే వేగం తగ్గుతుంది. పెట్టెలో వచ్చిన చార్జరు వాడితే గంటంబావులో నిండుతుంది. కవరు తీస్తే వెనుక గీతలు పడతాయి. ఈ ఏడింటిని మామయ్య రోజుతో పోల్చి చూశాను. ఆయన ఆటలాడడు. కవరు తీయడు. రెండు సిమ్‌లు వాడతాడు గానీ మెమరీ కార్డు అంటే ఏమిటో ఆయనకు పట్టదు. వైఫై ఆయన తోటలో లేదు. మిగిలినవి ఎండ, డేటా మీద బ్యాటరీ, చార్జరు, రాత్రి ఫోటో. వాటితో ఇలా వచ్చింది:

“పగలంతా చార్జరు దొరకని మనిషికి, నీడలో పని చేసేవారికి తగిన ఫోను, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి చదవాల్సి వస్తే వద్దు.
బలం: మొబైల్ డేటా మీద వాడితే స్క్రీను ఏడు గంటలు వెలుగుతుంది, పెట్టెలోని చార్జరుతో గంటంబావులో నిండుతుంది.
లోపం: నేరుగా ఎండ తగిలితే పది పన్నెండు నిమిషాల్లో వెలుగు సగానికి పడుతుంది, ఇది సెట్టింగులతో పోదు, రాత్రి కదిలేవాటి ఫోటోలు చెదురుతాయి.”

మొదటిదానికంటే ఇది పొడుగే. ముగ్గురు మనుషులకు మూడు రకాలుగా మారుతుంది కూడా. మా అత్త కొడుకు కాలేజీలో చదువుతున్నాడు, వాడికి రాస్తే ఎండ పోయి ఆట వస్తుంది. ఇదే నా వాదనలో బలహీనమైన చోటని ఒప్పుకుంటాను. ఎవరు చదువుతారో తెలియకుండా మూడు వాక్యాలు రాయవలసి వస్తే ఏం చేయాలి? నా జవాబు మొదటి వాక్యం. ఎవరికి తగదో అక్కడ పేరు పెట్టి చెప్పేస్తే, ఆ మనిషి తనను తాను గుర్తుపట్టుకుంటాడు. ఎవరికి తగుతుందో చెప్పడం సులభం, అందరూ చేస్తారు. “అందరికీ” అని రాసేవాళ్లూ ఉన్నారు. ఎవరికి తగదో రాయడానికే ధైర్యం కావాలి.

ఆ ధైర్యం గురించే దుకాణం స్నేహితుడితో తగవు. నేను మామయ్య కథ చెబితే విని, “అయితే నా బల్లల మీద ఫోన్ల పక్కన ఇలాంటి మూడు వాక్యాల చీటీలు రాసిపెట్టు” అన్నాడు. ఆరు ఫోన్లకు రాశాను. వాడు చూసి మూడో వాక్యం దగ్గర ఆగాడు. “లోపం రాసి పెట్టుకుని ఎవరైనా సరుకు అమ్ముతారా? దీన్ని కొంచెం మెత్తగా రాయి. వేసవిలో కాస్త జాగ్రత్త అని రాయకూడదూ?” కాస్త జాగ్రత్త! ఎంత కాస్త, ఏం జాగ్రత్త? వాడికి చెప్పాను, ‘కాస్త’ అనేది ‘తే’కు బద్ధశత్రువని. షరతు చెబితే కొనేవాడు తన బతుకుతో సరిపోల్చుకుంటాడు, మెత్తదనం చెబితే అందరూ కొంచెం కొంచెం భయపడతారు. ఏసీ గదిలో కూర్చునే బ్యాంకు ఉద్యోగికి ఆ ఎండ వాక్యం వల్ల ఫోను మీద నమ్మకం పెరుగుతుంది గానీ తగ్గదు. వాడు పూర్తిగా ఒప్పుకోలేదు. నాలుగు చీటీలు పెట్టాడు, రెండు సొరుగులో వేశాడు. ఆ రెండూ వాడికి ఎక్కువ లాభం మిగిలే ఫోన్లవని నా అనుమానం, అడగలేదు.

చీటీ కింద తేదీ వేయమని మాత్రం పట్టుబట్టాను, దానికి వెంటనే ఒప్పుకున్నాడు. ధర వారానికోలా ఉంటుంది, బ్యాంకు తగ్గింపు పండక్కి ఒకలా, పండగ తరువాత ఒకలా. పదిహేడు వేలకు సరైన తీర్పు ఇరవై వేలకు తప్పు. అప్‌డేటు వచ్చి ఒక లోపం పోవచ్చు, కొత్తది రావచ్చు కూడా. తేదీ లేని తీర్పు ఎప్పటిదో తెలియని పాలప్యాకెట్టు లాంటిది.

పాలంటే గుర్తొచ్చింది. నవంబరులో మా అత్త తనకూ ఒక ఫోను కావాలంది. ఇంట్లో మూడు ఆవులున్నాయి, పొద్దున సాయంత్రం పాలు పితికి కేంద్రానికి పోసేది ఆమే. ఈసారి నాకు గర్వం లేదు, జాగ్రత్తగా రెండు సమీక్షలు చదివి, షరతులన్నీ గీతలు గీసి, ఆమె రోజుతో పోల్చి మూడు వాక్యాలు రాసి చదివి వినిపించాను. మామయ్య పక్కనుంచి “ఈసారి ఎండ సంగతి చూశావా?” అన్నాడు. చూశానన్నాను. అత్త అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

“తడిచేత్తో ముట్టుకుంటే పలుకుతుందా?”

రెండు సమీక్షల్లోనూ లేదు. నీళ్లు పడితే లోపలికి పోవన్న ఐపీ రేటింగు ఉంది, తడి వేలిని గుర్తుపడుతుందా అన్నది లేదు. ఆ రెండూ వేరు. స్క్రీను మన వేలిని దాని విద్యుత్ స్పర్శతో గుర్తిస్తుంది, మధ్య నీటి పొర ఉంటే అది ఎక్కడ తాకామో తికమకపడుతుంది. వేలిముద్ర గాజు కింద ఉండే ఫోనయితే తడి వేలికి అసలు తెరుచుకోకపోవచ్చు. కానీ ఈ ఫోను ఎంత తికమకపడుతుందో ఎవరూ చూసి రాయలేదు. లేనిదాన్ని ఊహించి రాస్తే అది సంక్షేపం కాదు కదా. మూడో వాక్యం చివర “తడిచేతి సంగతి సమీక్షల్లో లేదు, చూసి కొనాలి” అని చేర్చాను.

మరునాడు అత్తను వెంటబెట్టుకుని లీలామహల్ సర్కిల్‌కు వెళ్లాను. స్నేహితుడు ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అత్త తన వాటర్ బాటిల్ మూత తీసి, దోసిట్లో కాసిని నీళ్లు పోసుకుని, చేయి దులిపి, మా ఇద్దరి మొహాలూ చూడకుండా వేలు స్క్రీను మీద పెట్టింది. మొదటిసారి పలకలేదు. రెండోసారి పలికింది. పక్కనున్న ఇంకో ఫోను తీసుకుని మళ్లీ చేయి తడుపుకుంది. స్నేహితుడు లోపలికి వెళ్లి తువ్వాలు తెచ్చాడు, దానితోపాటు సొరుగులోంచి రెండు చీటీలు కూడా.